పికప్: అతికే వాక్యం

బండికి పికప్ లేదంటే వేగం అందుకోవడం లేదని అర్థం. వాయిస్‌ ఓవర్‌లో పికప్ అంటే పూర్తయిన రికార్డింగులో తప్పు దొర్లిన ముక్కను మళ్లీ చదివి అతికించడం. విశాఖ వన్ టౌన్ మీద తీసిన డాక్యుమెంటరీలో రేవు ప్రారంభమైన 1933ను గొంతు 1923 అని చదివిందనుకుందాం. ఇరవై, ముప్పై రెండూ నాలుగు మాత్రలే కదా, అంకె ఒక్కటి మారిస్తే చాలదా అనొచ్చు. చాలదు. నోటి వాడుకలో ‘వందల ఇరవై’ కలిసిపోయి ‘వందలిరవై’ అవుతుంది, కత్తెర పెట్టే చోటే ఉండదు. అందుకే పికప్ రాసేవాడు మాటకు కాదు, ఊపిరికి రాయాలి: ముందు విరామం నుంచి క్రియతో స్వరం దిగే దాకా మొత్తం వాక్యం. దానికి ముందూ వెనుకా ఉన్న పాత వాక్యాలను కూడా కాగితం మీద పెట్టాలి. చదివేవారు పాత రికార్డింగు విని మూడూ ఒకే ఊపులో చదివితే, నడిమిది మాత్రం తీసుకుంటారు. ఇంత చదవడం దండగంటారు కొందరు. కానీ విడిగా చదివిన వాక్యం కొత్త పేరా మొదలైనట్టు హెచ్చు స్థాయిలో ఎత్తుకుంటుంది, కళ్లు మూసుకుని వింటే అతుకు అక్కడే దొరికిపోతుంది.