ముక్కుతో పీల్చే అర సెకను: ఓబోలో నాదం ఎక్కడ తెగుతుంది?

నాదస్వర మేళంలో ఒత్తు పట్టే కళాకారుడు కచేరీ పొడవునా ఒకే శ్రుతిని తెగకుండా ఊదేవాడు. శ్రుతి పెట్టె వచ్చాక చాలాచోట్ల ఆ పని పెట్టెకు పోయింది. అతను చేసినదాన్నే పాశ్చాత్య వాద్య శిక్షణలో సర్క్యులర్ బ్రీతింగ్ అంటారు. నోట్లో నిలవున్న గాలిని వాద్యంలోకి నెడుతూ, అదే సమయంలో ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవడమే అది. పద్ధతి తెలిసినా కచేరీలో వాడుకునేంత నునుపు రాని విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని, అతుకు ఎక్కడ బయటపడుతుందో ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఉదాహరణకు ఓబోను తీసుకున్నాను. సన్నాయి కూడా జంట రీడు వాద్యమే అయినా, ఓబో అంకెలను దానికి నేరుగా అంటగట్టకూడదు.

బుగ్గలు పెద్దగా ఉబ్బితే పని సులువవుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే ఆ నమ్మకం నిలబడదు. ఓబో రీడు నోరు చాలా సన్నం, కాబట్టి దానిలోంచి పోయే గాలి తక్కువ. సెకనుకు 100 మిల్లీలీటర్లు అనుకుందాం. వాద్యం, రీడు, ఊదే బలం మారితే ఇదీ మారుతుంది కనుక దీన్ని లెక్క కోసం తీసుకున్న అంకెగానే చూడాలి. ముక్కుతో పీల్చడానికి అర సెకను పడితే ఆ లోపు నోటి నుంచి ఖర్చయ్యేది 50 మిల్లీలీటర్లు, అంటే సుమారు మూడు టేబుల్ స్పూన్లు. బుగ్గలు కొద్దిగా నిండినా ఆ పాటి గాలి దొరుకుతుంది. కాబట్టి ఓబోలో కొరత గాలిది కాదు. ఆ కొద్ది గాలిని ఎంత ఒత్తిడితో నెట్టాలన్నదే అసలు చిక్కు.

స్టాక్‌హోమ్‌లో లియొనార్డో ఫుక్స్, యోహాన్ సుండ్‌బెర్గ్ 1990లలో రీడు వాద్యకారుల నోటి ఒత్తిడిని కొలిచారు. ఓబోకు కావలసిన ఒత్తిడి స్థూలంగా 4 నుంచి 10 కిలోపాస్కల్స్ అనుకోవచ్చు. నీటి మట్టంలో చెబితే 40 నుంచి 100 సెంటీమీటర్లు. ఇప్పుడు గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు ఊదే అభ్యాసాన్ని గుర్తు చేసుకోండి. స్ట్రా కొస 8 సెంటీమీటర్ల లోతున ఉంటే అక్కడ చాలే ఒత్తిడి 8 సెంటీమీటర్లే, ఓబో అడిగేదానిలో మహా అయితే ఐదో వంతు. పనుల వరుస నేర్పడానికి ఆ అభ్యాసం మంచిదే. అయితే అందులో గెలిచినవాడు ఓబో దగ్గర తడబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు, బుగ్గ కండరాలకు అసలు బరువు అప్పుడే మొదటిసారి తగులుతోంది. మధ్యలో ఒక మెట్టు కావాలనుకుంటే స్ట్రాను వేళ్ళతో నొక్కి దారి సన్నం చేయండి. ఎదురు ఒత్తిడి పెరుగుతుంది.

ఒత్తిడి దొరికాక కూడా నాదం తెగేది ఎక్కువగా పీల్చేటప్పుడు కాదు, పీల్చడం అయిపోయి ఊపిరితిత్తులు మళ్ళీ పని అందుకునేటప్పుడు. ఎందుకో మన కవర్గంతో తేలిగ్గా చెప్పుకోవచ్చు. ‘ఙ’ పలికి అక్కడే ఆగండి. నాలుక వెనుక భాగం మెత్తని అంగిలిని తాకి నోటిని మూసింది, ముక్కు దారి తెరిచి ఉంది. పీల్చేటప్పటి స్థితి ఇదే. ‘క’ పలకబోతూ ఆగితే నాలుక అక్కడే ఉంటుంది, అంగిలి మాత్రం పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. ‘క’ను వదిలి ‘అ’లోకి వెళ్తే నాలుక దిగి, ఛాతీ నుంచి గాలి నోట్లోకి వస్తుంది. సర్క్యులర్ బ్రీతింగ్‌లో వరుస కూడా ‘ఙ’, ‘క’, ‘అ’. ‘ఙ’ నుంచి నేరుగా ‘అ’లోకి దూకడమే విద్యార్థులు చేసే పొరపాటని నా అభిప్రాయం.

మధ్యలోని ‘క’ దగ్గర జరగాల్సిన పని ఒకటుంది. పీల్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బయటి గాలికంటే కొంచెం తక్కువగా ఉంటుంది, నోట్లో మాత్రం, మాటకు, 6 కిలోపాస్కల్స్ ఎక్కువ. ఈ స్థితిలో నాలుక దించితే నోటిలోని గాలి వెనక్కి, గొంతులోకి జారుతుంది. స్వరం కుంగుతుంది. అందుకే ముందు అంగిలి ముక్కును మూయాలి, ఆ మూత వెనుక ఛాతీ 6 దాకా ఒత్తిడి పెంచాలి, నాలుక తరువాతే దిగాలి. దీనికి మరో పావు సెకను పట్టిందనుకుంటే నోటి నిలవ 50 కాదు, 75 మిల్లీలీటర్లు కావాలి. పీల్చడం ముగిసేసరికి బుగ్గలు ఖాళీ అయిపోయాయంటే ఆలస్యంగా పీల్చడం మొదలుపెట్టారన్నమాట.

రికార్డు చేసి వింటే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. పీల్పు మధ్యలోనే స్వరం మెల్లగా దిగితే బుగ్గలు ఒత్తిడిని నిలపలేకపోతున్నాయి. చివర హఠాత్తుగా కుంగితే నాలుక తొందరపడి దిగింది. చివర స్వరం ఎగిరి గెంతితే ఛాతీ ఒత్తిడి నోటి ఒత్తిడిని మించిపోయింది. ముక్కులో బుస్సుమన్న చప్పుడు వస్తే అంగిలి పూర్తిగా మూసుకోలేదు. రోజూ సాధారణంగా ఊదుతున్నప్పుడు కూడా ఆ చప్పుడు వస్తుంటే సాధన ఆపి, గొంతు, ముక్కు వైద్యుడికి చూపించాలి. ఎక్కువ ఒత్తిడి గల వాద్యాలు ఊదేవారిలో అంగిలి మూత బలహీనపడటం వైద్యులకు తెలిసిన సమస్యే.

చెవికి అనుమానం మిగిలితే కొలవవచ్చు. సన్నటి పారదర్శక గొట్టం ఒక కొసను పెదవి మూలలో పట్టుకుని, U ఆకారంలో వంచి సగం నీళ్ళు పోసిన పొడవాటి గొట్టానికి రెండో కొస కలపండి. రెండు మట్టాల మధ్య తేడాయే మీ నోటి ఒత్తిడి. నీరు ఊగుతుంది కాబట్టి వేగంగా వచ్చే గెంతు ఇందులో సరిగా పట్టుబడదు. అయితే స్థిరంగా ఊదేటప్పుడు మీకు 60 సెంటీమీటర్లు కావాలో 80 కావాలో తెలుస్తుంది, బుగ్గలతో మాత్రమే అంత నిలపగలరా అన్నదీ తెలుస్తుంది.

ఎక్కువసేపు సాగించేవారికి మరో లెక్క ఉంది. సెకనుకు 100 మిల్లీలీటర్లంటే నిమిషానికి 6 లీటర్లు. బయటికి పోయినంతే లోపలికి తీసుకోగలం. కాబట్టి నిమిషానికి 300 మిల్లీలీటర్ల పీల్పులు 20 గానీ, 600వి 10 గానీ. మొత్తం ఒకటే, ఫలితం మాత్రం ఒకటి కాదు. ప్రతి పీల్పులో దాదాపు 150 మిల్లీలీటర్లు శ్వాసనాళాల్లోనే ఉండిపోయి రక్తాన్ని చేరవు. చిన్న పీల్పుల్లో పనికొచ్చేది నిమిషానికి 3 లీటర్లు, పెద్దవాటిలో నాలుగున్నర. ఊరికే కూర్చున్న మనిషికే నాలుగు లీటర్లకు పైగా కావాలి. కాబట్టి ఓబోలో గబగబా చిన్న పీల్పులు తీసుకునే అలవాటు కార్బన్ డయాక్సైడును పోగుచేస్తుందని ఈ లెక్క సూచిస్తోంది. అరుదుగా, నిండుగా పీల్చడం మేలు. ఆ గాలి వాద్యంలోనూ ప్రభావం చూపుతుంది. కార్బన్ డయాక్సైడు పెరిగితే ధ్వని వేగం తగ్గి శ్రుతి దిగుతుంది. ఫుక్స్ ఈ సంగతినీ పరిశీలించారు. తల బరువెక్కినా, ఊపిరాడనట్టు అనిపించినా వాద్యం దించి, గాలంతా వదిలి, మామూలుగా శ్వాసించాలి.

ఈ పద్ధతికి వాద్యాన్ని బట్టి హద్దులున్నాయి. ఫ్లూటుకు గాలి ఎక్కువ ఖర్చవుతుంది, ఎదురు ఒత్తిడి తక్కువ. అక్కడ నిలవ గాలే చాలదు. శాక్సఫోన్ చిక్కు మరో రకం. జెర్-మింగ్ చెన్, జాన్ స్మిత్, జో వుల్ఫ్ 2008లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మామూలు స్థాయికి పైనున్న స్వరాల కోసం అనుభవజ్ఞులు నోటి కుహరం అనునాదాన్ని కావలసిన స్వరానికి సరిచేసుకుంటారు. పీల్చడానికి నాలుక వెనుక భాగం లేచిందంటే ఆ కుహరం ఆకారమే మారిపోతుంది. అందువల్ల ఆ స్వరాల మీద పీల్చబోతే స్వరం కిందికి జారే ప్రమాదముందని నా అంచనా. శాక్సఫోన్ విద్యార్థి పీల్పును మధ్య స్థాయిలో, వేళ్ళు వేగంగా కదిలే చోట పెట్టుకుని, పై స్వరాలకు నిండు ఊపిరితో చేరుకోవడం మంచిది.