పోర్ట్ బ్లెయిర్‌లో ఐదింటికే చీకటి ఎందుకు?

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈ నగరం 11.67 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున భూమధ్యరేఖ ఇక్కడికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరం. అందువల్ల జూన్‌లో పగలు పన్నెండు ముప్పావు గంటలు ఉంటే, డిసెంబరులోనూ పదకొండున్నర గంటల వరకు ఉంటుంది.

అయినా నవంబరు చివర సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. ఇందుకు ప్రధాన కారణం రేఖాంశమే. దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు నగరం సుమారు 10.24 డిగ్రీల తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు గడియారం కంటే 41 నిమిషాలు ముందుంటాడు.

వర్షం సంగతి మాత్రం అక్షాంశం చెప్పదు. ఇంచుమించు అదే అక్షాంశంపై ఉన్న చెన్నై పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండగా, నైరుతి రుతుపవనాలు ఈ దీవులను నేరుగా తాకుతాయి. ఇక్కడి వర్షపాతం చెన్నైకి దాదాపు రెట్టింపు.