స్టేట్‌మెంట్‌లో మన గురించి ఎంత చెప్పుకోవాలి?

పై చదువులకు దరఖాస్తు పెట్టేటప్పుడు చాలా కాలేజీలు ఇప్పుడు మార్కుల జాబితాతో పాటు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ అనే ఒకటి రెండు పేజీల వివరణ అడుగుతున్నాయి. ఈ కోర్సు ఎందుకు కావాలి, ఇప్పటిదాకా ఏం చేశారు అన్నది అందులో రాయాలి. మన పిల్లలు అది పట్టుకుని సంఘం ఆఫీసుకు వస్తూ ఉంటారు. భాషలో తప్పులు దిద్దడం సులభమే. ఇబ్బందంతా స్వరంతోనే. కొందరు తమను మరీ తగ్గించుకుంటారు, కొందరు డప్పు కొట్టుకుంటారు.

హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబితే విషయం తేలికగా అర్థమవుతుంది. ఆమె లైబ్రరీ సైన్స్ పీజీకి దరఖాస్తు పెడుతోంది. వేసవి సెలవుల్లో నలుగురు స్నేహితులు కలిసి ఊళ్లోని పాత పఠన మందిరంలో 1,140 తెలుగు పుస్తకాలకు జాబితా తయారు చేశారు. ఆమె మొదటి చిత్తులో దాని గురించి ఉన్నది ఒక్క వాక్యం: ‘పెద్దల ఆశీస్సులతో, మా ఊరి లైబ్రరీలో పుస్తకాలు సర్దడంలో నా వంతు చిన్న సాయం చేశాను.’ ఇది చదివిన అధ్యాపకుడికి ఆమె దుమ్ము దులిపిందో, జాబితా రాసిందో తెలియదు. మన ఇళ్లల్లో ఇది మర్యాద. ఇంకొకరు మెచ్చుకోవాలి గానీ మనం చెప్పుకోకూడదు అంటాం. కానీ ఆ కాగితం చదివేచోట మన తరఫున చెప్పడానికి ఇంకొకరు ఉండరు.

వాళ్ల నాన్నగారికి అది నచ్చలేదు. ఆయన రాయించిన రెండో చిత్తులో అమ్మాయి ‘ఒంటి చేత్తో’ తెలుగు వారసత్వాన్ని కాపాడేసింది, లైబ్రరీ రంగంలో విప్లవం తెచ్చేసింది! పైగా చివర్లో ‘తమరు దయతో పరిశీలించవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను’ అని ఉంది. ఆ వాక్యం మాకు బాగా పరిచయం. గుమాస్తాగా ఉద్యోగం చేసినన్నాళ్లూ మేమూ అర్జీల్లో అదే రాశాం. సెలవు చీటీకి అది సరిపోతుంది గానీ ఇక్కడ పనికిరాదు. గొప్పలు, ప్రార్థన రెండూ ఒకే కాగితంలో ఉంటే రెండూ నమ్మబుద్ధి కావు.

మేము ఆమెను కూర్చోబెట్టి అడిగినవి నాలుగే ప్రశ్నలు. పని ఎంత? ఎంతమంది చేశారు? అందులో నీ చేతి పని ఏది? ఏం మిగిలిపోయింది? ‘తాతా, ఇవన్నీ రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉండదా?’ అంది. లెక్క చెప్పడం గొప్ప చెప్పుకోవడం కాదమ్మా, లెక్కకు మించి చెబితేనే గొప్ప అన్నాం. మూడో చిత్తు ఇలా వచ్చింది:

‘మే, జూన్ నెలల్లో మేము నలుగురం 1,140 తెలుగు పుస్తకాలకు జాబితా తయారు చేశాం. రిజిస్టరులో ఏ గడులు ఉండాలో నేను నిర్ణయించాను. సుమారు 420 పుస్తకాల వివరాలు నేనే రాశాను. ముఖపత్రాలు ఊడిపోయిన 63 పుస్తకాలను గుర్తించలేకపోయాం. అలాంటి వాటిని ఎలా గుర్తించాలో ఈ కోర్సులో నేర్చుకోవాలనుకుంటున్నాను.’

ఇందులో ‘అద్భుతం’, ‘అంకితభావం’ లాంటి మాట ఒక్కటీ లేదు. ‘మేము’ ఎక్కడో ‘నేను’ ఎక్కడో స్పష్టంగా ఉంది. చేయలేకపోయినదాన్ని ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలే కోర్సు అడగడానికి కారణమైంది. వినయం చూపాల్సిన చోటు అదే. ‘నాకేమీ తెలియదు’ అనడం వేరు, ‘ఇది తెలియలేదు, అందుకే వస్తున్నాను’ అనడం వేరు.

భాషల సంగతి ఆమె అసలు రాయనేలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అనేది మనకు మామూలు కాబట్టి చెప్పుకోదగ్గదని తోచదు. లైబ్రరీ పనికి అది నేరుగా పనికొచ్చేది. అయితే ‘మూడు భాషల్లో ప్రావీణ్యం’ అనకుండా, ‘తెలుగు, తమిళం ధారాళంగా చదువుతాను, కన్నడ లిపి నెమ్మదిగా చదవగలను’ అని రాయించాం. ఇంటర్వ్యూలో కన్నడ పుస్తకం చేతిలో పెట్టినా ఆమె తడబడక్కర్లేదు.

రెండో సంవత్సరంలో ఒక పేపరు తప్పింది. దానికి నాన్నగారు అర పేజీ సంజాయిషీ రాయించారు. అమ్మ అనారోగ్యం వల్ల తప్పింది, తర్వాతి పరీక్షలో 61 మార్కులతో పాసైంది అని ఒక్క వాక్యానికి కుదించాం. దాచిపెడితే మార్కుల జాబితాలో ఎలాగూ కనబడుతుంది. సాగదీస్తే జాలి కోసం రాసినట్టు ఉంటుంది.

పంపేముందు ఆ చిత్తును సిఫారసు ఉత్తరం ఇచ్చే మేడమ్‌కు చూపించమన్నాం. స్టేట్‌మెంట్‌లో ఒకటి, ఉత్తరంలో ఇంకొకటి ఉంటే చదివేవారు ఉత్తరాన్నే నమ్ముతారు. ‘నాయకత్వం వహించాను’ అన్న మాట దగ్గర ఆ మేడమ్ పెన్సిలుతో గీత గీశారు. మిగతా వాళ్లకు పని నువ్వు పంచావా అని అడిగితే, ఇద్దరికి మాత్రమే నేర్పానని అమ్మాయి చెప్పింది. ‘ఇద్దరు స్నేహితులకు వివరాలు రాసే పద్ధతి నేర్పాను’ అని మార్చి పంపింది.