టవల్ రాడ్డులో లేని మాలిబ్డినం

తుప్పుపట్టని ఉక్కును 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ కనిపెట్టాడని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అంతకు రెండేళ్ల ముందే, 1911లో, జర్మనీలో ఫిలిప్ మొన్నార్ట్జ్ ఇనుములో క్రోమియం తగినంత కలిస్తే అది ఆమ్లాలకు ఎందుకు లొంగదో వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. అందులో నాకు అబ్బురమనిపించిన సంగతి వేరే ఉంది: కొద్దిగా మాలిబ్డినం చేరిస్తే ఆ లోహం ఇంకా గట్టిగా నిలుస్తుందని కూడా ఆయన అప్పుడే గమనించాడు. ఇవాళ సముద్రం పక్క ఇంట్లో తుప్పు తేలే 304 గ్రేడు టవల్ రాడ్డుకూ, చాలాకాలం నిలిచే 316 గ్రేడు రాడ్డుకూ ముఖ్యమైన తేడా ఆ మాలిబ్డినమే. అంటే జబ్బు మన బాత్రూంలోకి రాకముందే మందు తెలుసు. అందుకే తప్పు ఉక్కుది కాదు, ఏ ఉక్కో చెప్పకుండా అమ్మే పద్ధతిది అంటాను.

బ్రేర్లీ వెతికింది తుప్పుకు మందు కాదు. తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోతుంటే, వేడికి ఓర్చే ఉక్కు కోసం క్రోమియం పాళ్లు మార్చి చూస్తున్నాడు. లోహాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలంటే ముందు దాని నునుపైన ముఖాన్ని ఆమ్లంతో కొద్దిగా కొరికించాలి. దాదాపు 13 శాతం క్రోమియం ఉన్న ముక్కను మాత్రం ఆ ఆమ్లం సరిగా కొరకలేదు. వెనిగర్, నిమ్మరసం పోసినా చెక్కుచెదరలేదు. షెఫీల్డ్ కత్తుల ఊరు, అప్పట్లో భోజనం కత్తిని తిన్న వెంటనే కడిగి తుడవకపోతే మచ్చపడేది. అందుకే ఆయన ఆలోచన నేరుగా కత్తుల మీదికి పోయింది. యజమానులు ఆసక్తి చూపలేదు. మొదట్లో చేసిన కత్తులు పదును నిలవక, తెగని కత్తిని కనిపెట్టినవాడని ఆయనను ఎగతాళి చేశారు. చివరికి ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల తయారీదారు దాన్ని పనికి తెచ్చి, ‘స్టెయిన్‌లెస్’ అన్న పేరు పెట్టాడు. ఆ పేరు భోజనాల బల్ల దగ్గర పుట్టింది. అక్కడి పరీక్ష పులుపుతోనే తప్ప ఉప్పుగాలితో కాదు. అదే సమయంలో ఎసెన్‌లోని క్రుప్ కంపెనీలో స్ట్రాస్, మౌరర్ నికెల్ కూడా కలిపిన రకాన్ని తయారుచేశారు. మాలిబ్డినం లేని రకాన్ని వి2ఎ అనీ, ఉన్నదాన్ని వి4ఎ అనీ జర్మన్లు నేటికీ విడివిడిగా పిలుస్తారు. కొనేవాడికి రెండూ వేర్వేరని పేరే చెబుతుంది.

తర్వాతి దశాబ్దాల్లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 ఇంటి వస్తువులకు మామూలు రకమైంది. యుద్ధకాలాల్లో నికెల్ కరువై, దాని బదులు మాంగనీసు పోసిన 200 వరుస గ్రేడులు నిలదొక్కుకున్నాయి. మన గిన్నెల బజారులో ఇవి విరివిగా కనిపిస్తాయి, వంటింట్లో చక్కగా పనిచేస్తాయి. ఆ వరుసలోని 202ను సోప్ డిష్‌గా వంచి, పెట్టె మీద ఉత్త ‘ఎస్ఎస్’ అని అచ్చేసినప్పుడే చిక్కు. మొన్నార్ట్జ్ నాడే తెలిసిన తేడా ఆ రెండక్షరాల్లో మాయమైంది.

ఉక్కును కాపాడేది ఉపరితలం మీద తనంత తానే ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడ్డా గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను సూదిమొన అంత చోట ఛేదించి, గుంటలోపల కొత్త పొర కట్టనివ్వదు. మాలిబ్డినం అక్కడే అడ్డుపడుతుంది. తుప్పు మొదట ఎక్కడ తేలుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది: రాడ్డు అడుగున చుక్క వేలాడి ఆరే చోట, గోడకు ఆనే బిళ్ల వెనక, స్క్రూ చుట్టూ. అన్నీ ఉప్పు పేరుకునే, గాలి తగలని చోట్లే. గట్టి నీళ్లలోని సున్నం తనంతట తాను ఉక్కును తినదు. దాని తెల్లటి పొలుసు కింద గాలి ఆడదు, క్లోరైడ్ చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు క్లోరైడ్ ఉండొచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. అలాంటి చుక్క ఆరుతూ పదో వంతుకు తగ్గితే 2,500 అవుతుంది. మామూలు వేడిలో 304కు 200, 316కు 1,000 వరకు ఫరవాలేదన్నది వాడుకలో ఉన్న అంచనా. బోరు నీళ్లయితే లెక్క ఇంకా పైనుంచి మొదలవుతుంది. ఆ పొలుసు పోగొట్టడానికి బాత్రూం యాసిడ్ పోస్తే మరీ చేటు, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అంటే క్లోరైడే. పలచని వెనిగర్ రాసి, కాసేపటికి మంచినీళ్లతో కడిగేస్తే పొలుసు కరుగుతుంది, ఉక్కుకు ఏమీ కాదు.

అలాగైతే 316 కూడా ఓడిపోతుంది కదా అనవచ్చు. నిజమే, కడగకుండా వదిలేస్తే అదీ గోధుమరంగు తేలుతుంది. కానీ వారానికోసారి కడిగి తుడిస్తే అది కాకినాడ గాలికీ తట్టుకుంటుంది, 202కు ఆ సేవ చాలదు. 316 ధర ఎక్కువన్న మాటా నిజమే. సముద్రానికి దూరంగా, ఉప్పులేని నీళ్లున్న ఊళ్లో 304 చాలు, అక్కడ ఎక్కువ పెట్టనక్కర్లేదు. అయస్కాంతం అంటకపోతే మంచిదేనని దుకాణంలో చెప్పే మాట మాత్రం నమ్మదగింది కాదు. 202కూ, 304కూ, 316కూ మూడింటికీ అది సాధారణంగా అంటదు. మాలిబ్డినం ఉందో లేదో రంగు మారి చెప్పే చుక్కల మందు దొరుకుతుంది. అదీ కుదరకపోతే బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి, స్క్రూలు కూడా అదే గ్రేడువా అని అడగాలి. పూత వేసిన మామూలు ఇనుప స్క్రూ తుప్పు కారితే, మంచి రాడ్డు మీద కూడా ఆ మరక పడుతుంది.