ఉపపత్తిలోని ఖాళీలను తూచిన చరిత్ర

మాటల్లో రాసిన గణిత ఉపపత్తికి విలువ కట్టేవారు తుది ఫలితం నిజమా కాదా అన్నది చూసి ఆగిపోరు. ప్రతి వాక్యమూ దత్తాంశం నుంచో, ముందే నిరూపించిన వాక్యం నుంచో నిజంగా వస్తున్నదా అని పరిశీలిస్తారు. అలా రాని చోటును తార్కిక ఖాళీ అంటారు. ఖాళీలన్నీ ఒకే బరువు కలవి కావన్న గ్రహింపు ఎలా పెరిగిందో చెప్పడమే ఈ మూల్యాంకన చరిత్ర.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రచించిన గ్రంథంలో మొదటి ప్రతిపాదనే ఇందుకు తొలి ఉదాహరణ. ఇచ్చిన రేఖాఖండం మీద సమబాహు త్రిభుజాన్ని నిర్మించడానికి ఆయన దాని రెండు కొనలను కేంద్రాలుగా తీసుకొని, ఆ ఖండమే వ్యాసార్ధంగా రెండు వృత్తాలు గీసి, అవి ఖండించుకునే బిందువును మూడో శీర్షంగా తీసుకున్నాడు. పటంలో అవి ఖండించుకుంటున్నట్లు కనిపిస్తుంది గాని, ఆ సంగతి ఆయన చెప్పిన స్వీకృతాల్లో, అంటే నిరూపణ లేకుండా ఒప్పుకున్న వాక్యాల్లో, ఎక్కడా లేదు. నిరూపకాలు రెండూ అకరణీయ సంఖ్యలైన బిందువులే ఉన్న తలాన్ని ఊహిస్తే, (0, 0), (1, 0) కేంద్రాలుగా గీసిన ఆ వృత్తాలకు అక్కడ ఉమ్మడి బిందువే ఉండదు. ఎందుకంటే అవి కలవవలసిన చోట √3/2 అనే కరణీయ సంఖ్య వస్తుంది. 1882లో పాష్, 1899లో హిల్బర్ట్ జ్యామితి స్వీకృతాలను తిరిగి పేర్చినప్పుడు, పటం చూసి ఒప్పుకున్న సంగతులను కూడా మాటల్లో చెప్పి తీరాలన్న నియమం స్థిరపడింది. అయినా యూక్లిడ్ వదిలిన ఖాళీ పూడ్చదగినది. తగిన స్వీకృతం ఒకటి చేర్చితే ఉపపత్తి యథాతథంగా నిలుస్తుంది.

రెండో రకం ఖాళీ 1879లో వెలువడిన ఒక ఉపపత్తిలో ఉంది. ఏ పటంలోనైనా సరిహద్దు పంచుకునే దేశాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలునని ఆల్ఫ్రెడ్ కెంప్ నిరూపించానన్నాడు. రెండు రంగుల దేశాలు గొలుసుగా కలిసి ఉన్నచోట ఆ రంగులను తారుమారు చేయడం ఆయన పద్ధతి. నలుగురు పొరుగువారున్న దేశం విషయంలో ఇటువంటి మార్పు ఒక్కటి చాలు, అది సరైనదే. ఐదుగురు పొరుగువారున్నప్పుడు ఆయన రెండు మార్పులు ఒకేసారి చేశాడు. ఒక్కొక్కటి విడిగా సాధ్యమే అయినా, మొదటిది చేశాక రెండోదానికి ఆధారమైన గొలుసు చెదిరిపోవచ్చు. 1890లో హీవుడ్ ఒక ప్రత్యుదాహరణతో, అంటే ఆ వాదన పని చేయని పటాన్ని చూపి, ఈ సంగతిని బయటపెట్టేవరకు పదకొండేళ్లు ఆ ఉపపత్తి చెలామణీ అయింది. హీవుడ్ అంతటితో ఆగక, కెంప్ పద్ధతితోనే ఐదు రంగులు చాలునని నిరూపించాడు. ఉపపత్తి కూలినా అందులో నిలిచినదేమిటో లెక్కగట్టిన ఈ పని, నేటి పాక్షిక మార్కులకు పూర్వరూపం వంటిది. నాలుగు రంగుల సిద్ధాంతానికి 1976లో అపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో ఉపపత్తి ఇచ్చారు.

1959లో రుమేనియాలో మొదలైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ఈ తీర్పును అంకెల్లోకి తెచ్చింది. ఇప్పుడు అందులో ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి 7 మార్కులు, మొత్తం 42. విద్యార్థి జవాబుపై అతని దేశపు నాయకులు ఒకవైపు, ఆ ప్రశ్నకు కేటాయించిన సమన్వయకర్తలు మరోవైపు కూర్చుని, ముందే రాసుకున్న మార్కుల పట్టిక ప్రకారం ఒక అంకెకు వస్తారు. ఇక్కడ మొదటి ప్రశ్న ఒక్కటే: సమస్య సాధితమైందా, లేదా? సాధితమైతే 7 నుంచి చిన్న లోపాలకు తగ్గిస్తారు. కాకపోతే 0 నుంచి, నిజమైన పురోగతికి మాత్రమే కలుపుతారు.

ప్రధాన సంఖ్యలు అనంతమన్న నిరూపణలో ఈ తూకాన్ని చూడవచ్చు. ప్రధాన సంఖ్యలు పరిమితమని ఊహించి, వాటన్నిటి లబ్ధానికి 1 కలిపితే వచ్చేది ఏ ప్రధాన సంఖ్యతోనూ భాగింపబడదు కాబట్టి అదీ ప్రధాన సంఖ్యే, ఇది ఊహకు విరుద్ధం అని ఒక విద్యార్థి రాస్తే అది సంపూర్ణం. మరొకరు ఆ ఊహ లేకుండా, మొదటి కొన్ని ప్రధాన సంఖ్యల లబ్ధానికి 1 కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందని రాస్తే, వాక్యం దాదాపు అదే అయినా అసత్యం; 2·3·5·7·11·13 + 1 = 30031 = 59·509. ఆ సంఖ్యకు ఏదో ఒక కొత్త ప్రధాన భాజకం ఉంటుందని మార్చితే దోషం పోతుంది. కానీ ఆ మార్పు చేసింది దిద్దేవారు, రాసినవారు కాదు. ఎన్ని మార్కులు తగ్గాలో పట్టిక చెబుతుంది, పూర్తి మార్కులు మాత్రం రావు. మూడోవారు ఆ కొత్త భాజకాన్ని సరిగానే తీసుకొని, 1 కంటే పెద్ద ప్రతి పూర్ణసంఖ్యకూ ప్రధాన భాజకం ఉంటుందని నిరూపించకుండా వాడితే, అది అందరికీ తెలిసిన ఫలితం కనుక కోత ఉండదు.

కాబట్టి ఖాళీ బరువును నిర్ణయించేది అక్కడ వదిలేసిన వాక్యాల సంఖ్య కాదు. వదిలేసినది తెలిసిన విషయమా, పూడ్చదగినదా, లేక సమస్యలోని అసలు కష్టమే అక్కడ దాగి ఉన్నదా అన్నదే. కెంప్ ఖాళీ మూడో కోవకు చెందినది కాబట్టే అది పూడడానికి 1976 దాకా పట్టింది.