‘అనే’ తర్వాత పల్లవి

నాచారం పారిశ్రామికవాడ రోడ్డు నుంచి ఇళ్ల మధ్యకు తిరిగితే, సాయంత్రం ఆరు దాటాక ఏదో ఒక మేడ మీది నుంచి శ్రుతిపెట్టె నాదం వినిపిస్తుంది. ఉప్పల్ వైపు వెళ్లే బస్సుల హారన్లు దాన్ని మింగేస్తూ ఉంటాయి, అది మళ్లీ పైకి తేలుతూ ఉంటుంది. అలాంటి ఒక పాఠం దగ్గర, మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన పెద్దాయన ఒకసారి టీచరమ్మను అడిగారు: “అరగంట నుంచి ఆ ఒక్క లైనే పాడిస్తున్నారు కదమ్మా. పాట ముందుకు పోదా?”

ఆయన ప్రశ్నలో కృతి చరిత్ర చాలావరకు ఉంది. పాట ముందుకు పోవడమనేది ఒకప్పుడు చరణాల పని. పదిహేనో శతాబ్దపు అన్నమాచార్యుల సంకీర్తనల్లో ఎక్కువ వాటికి ఒక పల్లవి, దాని వెంట సాధారణంగా మూడు చరణాలు. పల్లవి ఒక మాట అంటుంది, చరణాలు ఒక్కొక్కటి దానికి కొత్త సాక్ష్యం తెస్తాయి. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న, అంటే రామదాసు, గోల్కొండ చెరలో పాడుకున్న కీర్తనలూ ఆ దారివే. ఉప్పల్ నుంచి చూస్తే గోల్కొండ నగరానికి ఆ కొస. చరణం తర్వాత చరణం, అన్నిటికీ ఒకే ధాతువు, అంటే ఒకే బాణీ. విన్నవాళ్లంతా అందుకుని పాడవచ్చు. అక్కడ పెరిగేది సాహిత్యం, రాగం కాదు.

తిరువయ్యారులో త్యాగరాజు (1767-1847) ఈ లెక్కను చాలా కృతుల్లో తిరగేశాడు. రామదాసును ఆయన ప్రహ్లాద భక్తి విజయంలో పేరు పెట్టి స్తుతించాడు. దివ్యనామ కీర్తనల్లో పాత పద్ధతినీ కాపాడాడు. కానీ పెద్ద కృతుల్లో చరణాల సంఖ్య తగ్గింది, అనుపల్లవి స్థిరపడింది, పాట పెరగడం పల్లవి లోపలే మొదలైంది. ఆ పెరుగుదల పేరే సంగతి. పదాలు కదలవు, తాళం కదలదు. వాటి మీది స్వరాలు ఒక్కో ఆవృత్తికి కొంచెం కొంచెం మారతాయి. పదాలకు అభినయించే నర్తకి ఒకే పంక్తిని పలు భావాలతో తిప్పి చూపించడంలో దీని మూలం ఉందని నాకు అనిపిస్తుంది. అయితే ఆ తిప్పడానికి ఒక వరుస, ఒక క్రమం పెట్టిన ఘనత త్యాగరాజుదేనని సంగీతలోకం ఒప్పుకుంటుంది.

ఆ క్రమం ఎలా నడుస్తుందో టీచరమ్మ మోహనంలో ఒక చిన్న అభ్యాసంతో చూపించారు. ఆదితాళం ఒక ఆవర్తనం, ఎనిమిది అక్షరాలు. మొదటి రూపం: గా గా రీ సా | రీ గా | పా గా. రెండోదానిలో మొదటి నాలుగు అక్షరాలు అలాగే ఉంచి, చివర మాత్రం రీ గప | దప గా. మూడోదానిలో తోక ఇంకా పైకి పోతుంది: గప దస | దప గా. ఇక్కడ స తారస్థాయి షడ్జం. ఇప్పుడు తోకను అలాగే నిలిపి తల మారుస్తారు: గప గా రిగ రిస | గప దస | దప గా.

నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి తెలుస్తుంది. ఒకసారికి ఒకచోటే మార్పు. చెవికి పాతది సగం ఉంటేనే కొత్తది కొత్తగా వినిపిస్తుంది. ప్రతి రూపమూ గాంధారం మీదే దిగుతుంది కనుక మళ్లీ ఎత్తుకోవడానికి తడుముకోనక్కరలేదు. పంచమం దాకానే తిరిగిన పంక్తి ధైవతం తాకి, ఆ తర్వాత పై షడ్జం అందుకుంటుంది. అందుకే పల్లవి సంగతులు ముగిసేసరికి అనుపల్లవి పైస్థాయిలో మొదలైనా దూకినట్టు ఉండదు. మెట్లు అప్పటికే కట్టి ఉంటాయి.

తప్పులు దొర్లేది కూడా ఇక్కడే. మూడో రూపం రాక ముందే నాలుగోది పాడితే విన్నవారికి రెండు వేర్వేరు పంక్తులు విన్నట్టు ఉంటుంది. స్వరాలు ఒత్తుకుపోయి, లఘువు ముగిసి ద్రుతం మొదలయ్యే దెబ్బ మీద పడవలసిన అక్షరం ముందుకో వెనక్కో జరిగితే అది మరింత పెద్ద తప్పు. చేత్తో తాళం వేస్తూ పాడిస్తే వెంటనే బయటపడుతుంది. సంధి కుదిరిన మాటను స్వరం కోసం నడిమికి విరిస్తే అర్థం చెడుతుంది. తెలుగు రాని గాయకుల దగ్గర దీన్ని ఎత్తిచూపడం మనకు అలవాటు. తెలుగిళ్ల పిల్లలు కూడా తక్కువేమీ చెయ్యరు.

ఇక అసలు కృతికి వద్దాం. ఖరహరప్రియ రాగంలో, ఆదితాళంలో ఉన్న ‘చక్కని రాజమార్గము’ సంగతులకు పేరుపడ్డది. పల్లవి మనసును ఒక ప్రశ్న అడుగుతుంది: మంచి రాచబాట ఉండగా సందుల్లో దూరడం ఎందుకని. అనుపల్లవి అదే ప్రశ్నను మీగడ కట్టిన చిక్కని పాలతో, వాటిని వదిలి పోయే నీచమైన పానీయంతో మళ్లీ అడుగుతుంది. రెండింటినీ రెండో అక్షరం ‘క్క’ ప్రాసగా ముడివేస్తుంది. చరణంలో ఆ ప్రాస మారి, సున్నా మీది టకారం వస్తుంది. ఇక్కడ ప్రశ్నలు లేవు. రూపం, నామం, ఇంట్లో నెలకొన్న దైవం అంటూ మాట నెమ్మదిగా పేరుకుంటుంది. చివరికి రాముని భక్తి దగ్గరకు వచ్చి, ‘అనే’ అన్న మాట మీద చరణం ఆగిపోతుంది.

‘అనే’ తర్వాత నామవాచకం రావాలి. తెలుగు వచ్చిన ఎవరి చెవి అయినా దానికోసం ఎదురుచూస్తుంది. ఆ నామవాచకం పల్లవి మొదట్లో ఉంది. పల్లవి ఎత్తుకోగానే రాచబాట అంటే ఏమిటో తేలిపోతుంది, వాక్యమూ పూర్తవుతుంది. మొదటిసారి పాడినప్పుడు పోలికగా ఉన్నది ఇప్పుడు పేరుగా మారుతుంది. స్వరాలు అవే, అక్షరాలు అవే. సంగతులు స్వరం మార్చి అదే మాటను పెంచితే, చరణం స్వరం మార్చకుండానే ఆ మాట అర్థాన్ని మార్చింది. పల్లవికి తిరిగి రావడాన్ని కేవలం ఆనవాయితీ అనుకునేవారు ఈ ఒక్క కృతిని మాటలు గమనిస్తూ వింటే చాలు.

ఇన్ని సంగతుల్లో త్యాగరాజు చేసినవి ఎన్ని? శిష్యులు మూడు దారులు పట్టారు: ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట. పాఠాలు వాటి మధ్య కలవవు. త్యాగరాజు శిష్యుడైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర చదువుకున్న మహా వైద్యనాథయ్యర్ వంటివారు కృతులకు సంగతులు పెంచారని సంప్రదాయం చెబుతుంది. ఆ వెంకటసుబ్బయ్య శిష్యుడే సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. మన ప్రాంతానికి ఈ పాఠం చేరిన ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో, తెలుగు లిపిలోనే, సంగీత సంప్రదాయ ప్రదర్శినిని అచ్చువేయించి గమకాలకు గుర్తులు కూడా పెట్టారు. అయితే ఆ గ్రంథానికి వెన్నెముక ముత్తుస్వామి దీక్షితుల కృతులు. వాటిలో చాలావాటికి అనుపల్లవి, చరణం కలిసిపోయిన సమష్టి చరణమే ఉంటుంది, సంగతుల మెట్లూ తక్కువ. త్యాగరాజు సంగతులు మాత్రం ఎక్కువగా నోటి నుంచి చెవికే వచ్చాయి. అందువల్ల ఒక గురువు ఆరు చెబితే ఇంకొకరు పది చెబుతారు, ఇద్దరూ తమదే అసలు పాఠమంటారు.

నాచారం మేడ మీద ఆ పెద్దాయన మనవరాలు మరికొన్ని నెలలకు చరణం దాకా వచ్చింది. ‘అనే’ అంటూ ఆగి, ఉత్సాహం కొద్దీ పల్లవిని అన్నిటికన్నా పెద్ద సంగతితో అందుకోబోయింది. టీచరమ్మ తాళం వేస్తున్న చెయ్యి ఎత్తి ఆపి, “మొదటిది, అమ్మా, మొదటిదే” అన్నారు. పాప తారస్థాయి నుంచి దిగి, సాదా రూపంలో ఎత్తుకుంది.