మొదటి మూడేళ్ల మరుపు: ఒక ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

పెద్దవారిలో అత్యధికులకు తమ జీవితంలో గుర్తున్న మొదటి సంఘటన ఏదని అడిగితే, అది మూడు, మూడున్నర ఏళ్ల వయసుకు దగ్గరలో జరిగినదై ఉంటుంది. అంతకు ముందరి కాలంలో మాట నేర్చుకున్నా, నడక నేర్చుకున్నా, తల్లి ముఖాన్ని వేయి ముఖాల్లో గుర్తుపట్టగలిగినా, ఆ రోజుల్లో ఫలానా చోట ఫలానాది జరిగిందని చెప్పగలిగే జ్ఞాపకం మాత్రం ఒక్కటీ మిగలదు. మనస్తత్వశాస్త్రంలో దీనికి శైశవ విస్మృతి అని పేరు. మానవజాతికంతటికీ అనుభవమే అయినా, ఇది వివరణ కోరే విషయమన్న ఎరుక పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దంలో గాని శాస్త్రజ్ఞులకు కలగలేదు.

1893లో కారొలిన్ మైల్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు తన ప్రశ్నావళిలో తొలి జ్ఞాపకం గురించి కూడా అడిగింది. ఆ తరువాత రెండు మూడేళ్లకు ఫ్రాన్సులో విక్టర్, కేథరిన్ ఆన్రీ దంపతులు ఆ ఒక్క విషయం మీదనే ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులను విశ్లేషించారు. వాటిలో ఒక భాషాశాస్త్ర ఆచార్యుడి జవాబు ప్రత్యేకమైనది. మూడు, నాలుగేళ్ల మధ్య వయసులో అతనికి నాయనమ్మో అమ్మమ్మో చనిపోయిందని, ఆ దెబ్బకు పిల్లవాడు తల్లడిల్లిపోయాడని తల్లిదండ్రులు చెప్పారు. అతనికి మాత్రం ఆ చావు ఏమాత్రం గుర్తులేదు, గుర్తున్నదల్లా బల్లమీద ఉంచిన మంచుగడ్డల పాత్ర. 1899లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ ఉదాహరణనే తన వ్యాసంలోకి తీసుకుని, అల్పమైన దృశ్యం ముఖ్యమైన అనుభవానికి అడ్డంగా నిలుస్తుందని, అది ఒక తెర జ్ఞాపకమని వాదించాడు. 1905లో మరింత ముందుకు వెళ్లి, చిన్ననాటి కోరికలను మనసు బలవంతంగా లోపలికి అణచివేయడం వల్లనే ఆ కాలమంతా మరుగున పడుతుందని సిద్ధాంతీకరించాడు.

ఫ్రాయిడ్ జవాబు ఈనాడు నిలవదు. అయినా ఈ మరుపు మామూలు మరుపు కాదని, కాలం గడిచిన కొద్దీ జ్ఞాపకాలు సహజంగా పలచబడే తీరుతో దీన్ని లెక్కగట్టలేమని పసిగట్టిన ఘనత అతనికి దక్కవలసిందే. అతని తరువాత చాలాకాలం వాడుకలో ఉన్న రెండవ జవాబు మరీ సులువైనది: పసిబిడ్డ మెదడు ఇంకా తయారు కాలేదు గనుక జ్ఞాపకం అసలు ఏర్పడనే ఏర్పడదని. ఈ నమ్మకాన్ని కదిలించినది కారొలిన్ రోవీ-కోలియర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఆమె ఉయ్యాల పైన వేలాడే బొమ్మల గుత్తికి ఒక రిబ్బను కట్టి, దాని రెండవ కొసను శిశువు చీలమండకు కట్టింది. కాలు తన్నితే బొమ్మలు కదులుతాయని శిశువు కొద్ది నిమిషాల్లోనే గ్రహించి గట్టిగా తన్నడం మొదలుపెడుతుంది. కొన్ని రోజుల తరువాత అదే గుత్తిని చూపించి, ఈసారి రిబ్బను దానికి కలపకుండా, బిడ్డ ఎంత తరచుగా తన్నుతున్నదో లెక్కిస్తారు. నేర్చుకోక ముందటి తన్నుల కంటే అవి స్పష్టంగా ఎక్కువైతే, గుర్తున్నట్టు. రెండు నెలల శిశువులకు ఈ జ్ఞాపకం ఒకటి రెండు రోజులు, మూడు నెలల వారికి సుమారు వారం, ఆరు నెలల వారికి సుమారు రెండు వారాలు నిలిచింది. అంటే జ్ఞాపకం ఏర్పడుతున్నది, వయసుతో పాటు దాని ఆయువూ పెరుగుతున్నది. అప్పటినుంచి అసలు ప్రశ్న, ఏర్పడినది ఎందుకు దక్కకుండా పోతున్నది అన్న రూపం తీసుకుంది.

ఒక సమాధానం భాషవైపు నుంచి వచ్చింది. న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ 2002లో ప్రకటించిన ప్రయోగంలో, రెండుంబావు నుంచి మూడుంబావు ఏళ్ల పిల్లలకు పెద్ద బొమ్మను పైన పడేసి పిడి తిప్పితే అదే బొమ్మ చిన్నదై బయటికి వచ్చే ఒక పెట్టెను చూపించారు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ కలిసినప్పుడు, పిల్లలు ఆ బొమ్మల ఫోటోలను గుర్తుపట్టారు, పెట్టెను ఎలా నడపాలో చేసి చూపారు. కాని మాటల్లో చెప్పమన్నప్పుడు, ఆట ఆడిన రోజు నాటికి తమకు రాని పదాలను, మధ్యకాలంలో నేర్చుకుని ఉన్నా సరే, ఆ సంఘటన వర్ణనలో వాడలేకపోయారు. మాటలు లేకుండా నిలవైన అనుభవం తరువాత నేర్చిన మాటల్లోకి దిగిరాలేదన్నమాట.

అయితే భాషే పూర్తి కారణమనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మాటే లేని ఎలుకపిల్లల్లోనూ ఈ మరుపు ఉన్నది. టొరంటోలో పాల్ ఫ్రాంక్‌లాండ్, షీనా జోస్లిన్ బృందం 2014లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ చాలా విలువైనది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం, ఏ చోట ఏమి జరిగిందన్న జ్ఞాపకాన్ని కూర్చిపెడుతుంది. దానిలోని డెంటేట్ గైరస్ అనే పొరలో పుట్టిన తరువాత కూడా కొత్త నాడీకణాలు తయారవుతూ ఉంటాయి, శైశవంలో ఆ వేగం మరీ ఎక్కువ. కొత్తవి వచ్చి అప్పటికే ఉన్న సంధానాల మధ్య చోటు చేసుకుంటున్నప్పుడు పాత జ్ఞాపకపు అల్లిక చెదిరిపోతుందేమోనన్నది ఆ బృందం ఊహ. దీన్ని పరీక్షించడానికి వారు చుంచెలుకలను ఒక గదిలో ఉంచి కాళ్లకు స్వల్పమైన విద్యుత్ ఘాతం తగిలించారు. ఆ గదిలోకి తిరిగి పంపినప్పుడు ఎలుక భయంతో కదలకుండా నిలిచిపోతే దానికి ఆ చోటు గుర్తున్నట్టు లెక్క. పెద్ద ఎలుకలు వారాల తరువాత కూడా నిలిచిపోయాయి, పిల్ల ఎలుకలు త్వరగా మరిచిపోయాయి. తరువాతి మెట్టులో, పాఠం నేర్చిన పెద్ద ఎలుకల పంజరంలో పరుగుల చక్రం పెట్టారు, ఎందుకంటే పరుగు కొత్త నాడీకణాల పుట్టుకను పెంచుతుంది. అవి తాము నేర్చినదాన్ని మరిచిపోసాగాయి. పిల్ల ఎలుకల్లో మందుతో కొత్త కణాల పుట్టుకను తగ్గిస్తే, వాటి జ్ఞాపకం ఎక్కువ కాలం నిలిచింది. పుట్టేనాటికే మెదడు బాగా పరిణతి చెంది ఉండే గినీ పందుల్లో, డెగూలనే చిలీ దేశపు ఎలుకజాతిలో ఈ శైశవ విస్మృతి కనిపించదు. వాటిలో కొత్త కణాలను కృత్రిమంగా పెంచినప్పుడు అవీ మరిచిపోయాయి. ఒకే కారణాన్ని అటు పెంచి, ఇటు తగ్గించి, వేరొక జాతిలోనూ సరిచూసిన ఈ క్రమమే ఆ వాదనకు బలం.

మరిచిపోయినదంటే చెరిగిపోయిందనుకోవచ్చునా? అదే ప్రయోగశాల 2018లో, పిల్ల ఎలుకలు నేర్చుకున్న సమయంలో పనిచేసిన కణాలకు గుర్తు పెట్టి, ఆ ఎలుకలు పెద్దవై మరిచిపోయిన తరువాత ఆ కణాలనే కాంతితో ఉత్తేజపరిచింది. పోయిందనుకున్న భయం తిరిగి కనిపించింది. ఆ ఎలుకల విషయంలోనైనా, జ్ఞాపకపు జాడ మిగిలే ఉండి దాన్ని చేరే దారి మాత్రమే మూసుకుపోయిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

మనుషుల్లో ఇటువంటి పరీక్ష చేయడానికి వీలు లేదు గనుక ఎలుకల ఫలితాన్ని యథాతథంగా మనకు అన్వయించడం తొందరపాటే. 2025లో అమెరికాలో యేల్ పరిశోధకులు మెదడు స్కానింగ్ యంత్రంలో నాలుగు నెలల నుంచి రెండేళ్ల వయసు శిశువులకు బొమ్మలు చూపించి, ఒక బొమ్మను చూస్తున్నప్పుడు హిప్పోకాంపస్ ఎంత చురుకుగా ఉంటే, కాసేపటికి దాన్ని మరొక కొత్త బొమ్మ పక్కన పెట్టినప్పుడు శిశువు అంత ఎక్కువసేపు దానివైపు చూస్తుందని కనుగొన్నారు. ఏడాది దాటిన వారిలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. నమోదు జరుగుతున్నదనడానికి ఇది సాక్ష్యం, కాని చూపించడానికీ పరీక్షించడానికీ మధ్య గడిచిన వ్యవధి చాలా చిన్నది. ఆ నమోదు నెలలు, ఏళ్లు గడిచాక ఏ స్థితిలో ఉంటుందో తేల్చాలంటే, ఆ పిల్లలనే పెరుగుతుండగా మళ్లీ మళ్లీ పరీక్షించడం తప్ప దగ్గరి దారి లేదు.